ముప్పై బంతులు, ముప్పై పరుగుల హిసాబ్

30 బంతులు, 30 పరుగులు. చేతిలో ఆరు వికెట్లు. క్రీజులో క్లాసెన్, మిల్లర్. 2024 జూన్ 29న బార్బడోస్‌లో జరిగిన ప్రపంచకప్ ఫైనల్లో సౌతాఫ్రికా అక్కడిదాకా వచ్చి ఏడు పరుగుల తేడాతో ఓడిపోయింది. బక్రీద్ అయి పన్నెండు రోజులే. ఆ రాత్రి మా బస్తీలో కుర్చీలు గల్లీలోకి వచ్చినయ్, టీవీ కిటికీకి ఎక్కింది. పటాకులు కాల్చిన తర్వాత అందరి నోటా ఒకటే మాట: "అరే, కిస్మత్ రా!" కొందరు సూర్యకుమార్ క్యాచ్ అన్నారు, కొందరు సౌతాఫ్రికావాళ్లకు దిల్ లేదన్నారు.

క్యాచ్ గొప్పదే. కిస్మత్ కూడా ఉంది. మగర్ ఆ చివరి ఐదు ఓవర్ల వెనక ఒక పక్కా హిసాబ్ ఉంది. అది మొదటి ఓవర్ నుంచీ నడుస్తూ వచ్చింది. టీ20 అంటే కళ్లు మూసుకుని బాదుడే అని మా అబ్బా ఇప్పటికీ అంటాడు. ఆయన గావస్కర్, విశ్వనాథ్‌ల జమానా మనిషి. ఆ ఒక్క మ్యాచ్ పట్టుకుని ఇరవై ఓవర్లు ఎట్లా ఖర్చవుతాయో చెబుదామని కూర్చున్నా. చెప్పడానికి నాకు ఇంకో వజా కూడా ఉంది, అది మధ్యలో వస్తుంది.

ముందు ఖాయిదా ఒక్కసారి చూద్దాం. ఒక జట్టుకు 20 ఓవర్లు, అంటే 120 బంతులు. మొదటి ఆరు ఓవర్లు పవర్‌ప్లే. అప్పుడు ముప్పై గజాల గీత బయట ఇద్దరు ఫీల్డర్లే ఉండాలి. ఏడో ఓవర్ నుంచి ఐదుగురిదాకా బయట నిలబెట్టవచ్చు. ఒక బౌలర్‌కు నాలుగు ఓవర్లే హక్కు, ఐదోది లేదు. అసల్ బాత్ ఈ ఆఖరి ఖాయిదాలోనే ఉంది. బ్యాటింగ్ చేసేవాడు 120 బంతుల్ని పొదుపు చేసుకుంటాడని మనం అనుకుంటాం. నిజానికి బంతి వేసే జట్టు కూడా తన మంచి బౌలర్ల ఓవర్లను అట్లాగే పొదుపు చేసుకుంటుంది. మా అమ్మీ తంఖా వచ్చిన రోజే కిరాయి పైసల్ని ఒక డబ్బాలో వేసి మూత పెట్టేది. నెల చివర ఎంత తంగీ వచ్చినా ఆ డబ్బా జోలికి పోయేది కాదు. కెప్టెన్‌కు బుమ్రా ఓవర్లు ఆ డబ్బాలాంటివే.

ఇక ఇండియా బ్యాటింగ్ సంగతి. పవర్‌ప్లేలో బయట ఇద్దరే ఉంటారు కాబట్టి, గీత దాటించి కొడితే ఫోర్ దొరికే మౌకా ఎక్కువ. అందుకే ఓపెనర్లు ఆ ఆరు ఓవర్లలో తెగించి ఆడతారు. కోహ్లీ మొదటి ఓవర్లోనే యాన్సెన్‌ను మూడు ఫోర్లు కొట్టాడు, 15 పరుగులు వచ్చినయ్. రెండో ఓవర్లో మహరాజ్ స్పిన్‌ను రోహిత్ రెండు ఫోర్లు కొట్టి, స్వీప్ ఆడబోయి క్యాచ్ ఇచ్చాడు. అదే ఓవర్లో పంత్ సున్నాకు పోయాడు. ఐదో ఓవర్లో సూర్యకుమార్ రబాడా బంతిని ఫైన్‌లెగ్ చేతుల్లోకి కొట్టాడు. 34 పరుగులకు మూడు వికెట్లు. పవర్‌ప్లే ముగిసేసరికి 45.

మా గల్లీలో అప్పుడే తిట్లు మొదలైనయ్. ముగ్గురు పోయినాక కూడా అదే జోరు ఎందుకు చూపించలేదని తర్వాత చాలామంది కోహ్లీని తప్పుపట్టారు. ఇక్కడే మధ్య ఓవర్ల సంగతి అర్థం చేసుకోవాలి. ఏడో ఓవర్ నుంచి ఐదుగురు బౌండరీ మీదకు పోతారు. ఫోర్లు తగ్గుతాయి, సింగిల్స్ తేరగా దొరుకుతాయి. ఈ సమయంలో వికెట్ ఖరీదు ఎంతంటే, ఆ తర్వాత వచ్చేవాడు ఎవడో దాన్నిబట్టి ఉంటుంది. ఆ రోజు ఇంకొక్క వికెట్ జల్దీగా పడి ఉంటే దూబే, హార్దిక్, జడేజా పదో ఓవర్‌కు ముందే రావాల్సి వచ్చేది. వాళ్లు చివరి ఐదు ఓవర్లలో బాదాల్సినవాళ్లు. వాళ్లు ముందే వచ్చి తల వంచుకుని సింగిల్స్ తీస్తుంటే, చివర బాదడానికి బౌలర్లే మిగిలేవారు.

అందుకే ద్రవిడ్, రోహిత్ అక్షర్ పటేల్‌ను ఐదో నంబర్‌లో దించారు. అక్షర్ ఎడమచేతివాటం. ఎడమచేతి స్పిన్నర్ మహరాజ్ బంతి కుడిచేతివాడికి బయటికి తిరుగుతుంది, అక్షర్‌కైతే లోపలికి వస్తుంది. అది కొట్టడానికి ఆసాన్. పైగా అక్షర్ పోయినా వెనక అసలు హిట్టర్లు అట్లాగే ఉంటారు. అంటే తెగింపు అక్షర్‌ది, సబర్ కోహ్లీది. పది ఓవర్లకు 75 పరుగులు. అక్షర్ 31 బంతుల్లో 47 కొట్టాడు, అందులో నాలుగు సిక్సర్లు. వాళ్లిద్దరూ 54 బంతుల్లో 72 పరుగులు జోడించాక అక్షర్ పరుగు తీయబోయి రనౌట్ అయ్యాడు. కోహ్లీ 50 చేయడానికి 48 బంతులు తీసుకున్నాడు. టీ20లో అది సుస్తీ. తర్వాతి 11 బంతుల్లో 26 కొట్టి, 76 దగ్గర ఔటయ్యాడు. దూబే 16 బంతుల్లో 27. మొదటి పది ఓవర్లలో 75 అయితే, రెండో పదిలో 101. మొత్తం 176.

ఒక మాట సాఫ్‌గా చెప్పాలి. కోహ్లీ ఆ 50 దగ్గరే ఔటై ఉంటే ఈ హిసాబ్ తలకిందులయ్యేది. నిదానంగా ఆడినవాడు చివరిదాకా ఉండి ఆ బాకీ తీర్చాలి. మధ్యలో పోతే తిన్న బంతులు నుక్సాన్ ఖాతాలో పడతాయి. యాంకర్ అని ముద్దుగా పిలిచే ఈ పని అంత ఖతర్నాక్. వాడు తన కోసం కాకుండా తన వెనకవాళ్ల కోసం బంతులు ఖర్చుపెడతాడు. ఆ అప్పు తీర్చేలోపు ఒక్క మంచి బంతి వస్తే చాలు, మొత్తం జట్టు మునుగుతుంది.

ఇప్పుడు సౌతాఫ్రికా వంతు. బుమ్రా రెండో ఓవర్లో హెండ్రిక్స్ వికెట్లు పడగొట్టాడు. మూడో ఓవర్లో అర్ష్‌దీప్ మార్‌క్రమ్‌ను పంపాడు. 12 పరుగులకు రెండు. పవర్‌ప్లే అయ్యేసరికి 42. చూడండి, రెండు జట్ల పవర్‌ప్లే దాదాపు సమానం. పది ఓవర్లకు వాళ్లు 81, మనవాళ్లకంటే ఆరు ఎక్కువ.

ఇక్కడ మన హైదరాబాదీ సిరాజ్ సంగతి కూడా చెప్పాలి. అమెరికాలో ఆడిన మొదటి మ్యాచుల్లో అతను జట్టులో ఉన్నాడు. వెస్టిండీస్‌కు వచ్చాక అతని జాగాలో కుల్దీప్ యాదవ్ వచ్చాడు. మా బస్తీలో దానికి చాలామంది దిల్ చిన్నబుచ్చుకున్నారు. నిజానికి అది సిరాజ్ మీద భరోసా లేక కాదు. అతని బలం కొత్త బంతి. కొత్త బంతికి బుమ్రా, అర్ష్‌దీప్ ఉన్నారు. కరీబియన్ పిచ్‌ల మీద ఏడు నుంచి పదిహేను ఓవర్లదాకా బ్యాటర్‌ను కట్టేయడానికి ఇంకో స్పిన్నర్ కావాల్సి వచ్చింది. టీ20లో జట్టు ఎంపిక కూడా ఓవర్ల హిసాబే: ఎవడు మంచి బౌలర్ అని కాదు, ఏ ఓవర్ ఎవడు వేస్తాడని అడుగుతారు.

మగర్ ఫైనల్లో ఆ మధ్య ఓవర్లే మనకు మహంగీ పడినయ్. పదమూడో ఓవర్లో డికాక్ ఔటయ్యేసరికి సౌతాఫ్రికా 106. అక్కడి నుంచి 15 బంతుల్లో 41 పరుగులు వచ్చినయ్. పద్నాలుగో ఓవర్ కుల్దీప్ వేస్తే 14. పదిహేనో ఓవర్ అక్షర్ వేస్తే 24. క్లాసెన్ స్పిన్‌ను నిలబడిన చోటు నుంచే స్టాండ్స్‌లోకి పంపించాడు. కుల్దీప్ నాలుగు ఓవర్లలో 45, అక్షర్ నాలుగు ఓవర్లలో 49. ఇద్దరివీ కలిపి ఎనిమిది ఓవర్లలో 94. స్కోరు 147, కావాల్సింది 30కి 30.

అప్పుడు మా గల్లీలో టీవీ బంద్ చేయమన్నవాళ్లు కూడా ఉన్నారు. మగర్ ఆ క్షణాన స్కోరుబోర్డు కింద కనపడని ఇంకో లెక్క ఉంది. అయిపోయిన 15 ఓవర్లను పంచి చూడండి: కుల్దీప్ నాలుగు, అక్షర్ నాలుగు, అర్ష్‌దీప్ మూడు, బుమ్రా రెండు, హార్దిక్ ఒకటి, జడేజా ఒకటి. క్లాసెన్‌కు ఇష్టమైన స్పిన్ ఖర్చయిపోయింది. జడేజాకు ఓవర్లు ఉన్నాయి గానీ ఒక్క ఓవర్లో 12 ఇచ్చిన అతన్ని మళ్లీ పిలిచే పని లేదు. మిగిలిన ఐదింటికి బుమ్రావి రెండు, అర్ష్‌దీప్‌ది ఒకటి, హార్దిక్‌వి రెండు. సరిగ్గా ఐదు. మనవాళ్లు స్పిన్‌లో 94 పరుగుల నుక్సాన్ భరించి, అమ్మీ డబ్బా మాత్రం తెరవలేదన్నమాట.

ఇప్పుడు ముఖ్యమైన సవాల్. డబ్బా తెరవాల్సిందెప్పుడు? చివరి ఓవర్లు కష్టమైనవి కాబట్టి బుమ్రాను 18కి, 20కి దాచాలని చాలామందికి అనిపిస్తుంది. ఇక్కడే నేను రాయడానికి కూర్చున్న అసలు వజా వస్తుంది.

మా ఆపా కొడుకు రంజాన్‌లో తరావీ తర్వాత జరిగే నైట్ టోర్నమెంట్‌లో కెప్టెన్. టెన్నిస్ బంతి, ఎనిమిది ఓవర్ల మ్యాచ్, ఒక బౌలర్‌కు రెండు ఓవర్లే. పిల్లలు తలా కొంత చందా వేసుకుని ఎంట్రీ కట్టారు. సెమీఫైనల్లో అవతలివాళ్లకు చివరి మూడు ఓవర్లలో 24 కావాలి. మావాడి దగ్గర మంచి పేసర్‌కు ఒక ఓవర్ మిగిలి ఉంది. దాన్ని చివరికి దాచాడు. ఆరో ఓవర్లో 11 పోయినయ్, ఏడో ఓవర్లో 9 పోయినయ్. ఇక ఆఖరి ఓవర్‌కు మిగిలింది నాలుగు. పేసర్ అద్భుతంగా వేశాడు, ఐదు బంతులకు మూడే ఇచ్చాడు, ఆరో బంతికి బ్యాట్ అంచు తగిలి వెనక్కి ఫోర్ పోయింది. ఓడిపోయారు. టీం పిల్లలు కెప్టెన్సీ వాడి నుంచి తీసేశారు. వాడు గ్రౌండ్ వైపు పోవడమే మానేశాడు.

"మామూ, నేను చేసింది గలత్ కాదుగా? మంచి బౌలర్‌ను లాస్ట్‌కే కదా ఉంచాలె?" అన్నాడు ఒక రోజు సహరీ తర్వాత.

"బేటా, ఆఖరి ఓవర్‌కు ఎన్ని మిగిలినయ్ వాళ్లకు?"

"నాలుగు."

"నాలుగు పరుగులను ఎవడు కాపాడతడు? బుమ్రా వచ్చినా కష్టమే. నీ మంచి ఓవర్ ముందు వాళ్లకు కష్టం ఉండాలె. నువ్వు కష్టం అయిపోయినంక దాన్ని తీసినవ్."

వాడికి ఫైనల్ స్కోర్‌కార్డు తీసి చూపించా. మావాడు అడిగిందే ఆ రోజు బార్బడోస్‌లో రోహిత్ ముందున్న ప్రశ్న. 30కి 30 అంటే ఓవర్‌కు ఆరు. పదహారో ఓవర్ హార్దిక్ వేసి 12 ఇచ్చాడనుకుందాం. పదిహేడో ఓవర్ అర్ష్‌దీప్ వేసి ఇంకో 12. అప్పుడు 18 బంతుల్లో ఆరు చాలు. ఆ తర్వాత బుమ్రా ఎంత బాగా వేసినా బ్యాటర్లకు బాదాల్సిన అవసరమే లేదు. అతని బంతిని అడ్డుకుని, సింగిల్ తీసి, అవతలి బౌలర్ కోసం ఇంతెజార్ చేస్తారు. దాచుకున్న పైసలు అవసరం దాటాక కాగితాలే.

రోహిత్ బుమ్రాను పదహారో ఓవర్‌కే పిలిచాడు. నాలుగు పరుగులు. ఇప్పుడు 24కి 26. తేడా చిన్నదే, మగర్ ఓవర్‌కు ఆరు నుంచి ఆరున్నర అయింది. బ్యాటర్ మనసులో మొదటిసారి ఫికర్ పుట్టింది: ఇంకో బుమ్రా ఓవర్ ఉంది, అంటే హార్దిక్‌ను కొట్టాల్సిందే. పదిహేడో ఓవర్ మొదటి బంతి హార్దిక్ ఆఫ్‌స్టంప్ బయట, వేగం తగ్గించి వేశాడు. క్లాసెన్ దూరం నుంచే బ్యాట్ విసిరాడు, అంచు తగిలి పంత్ చేతుల్లో పడింది. 27 బంతుల్లో 52 చేసినవాడు పోయాడు. వికెట్ హార్దిక్ ఖాతాలో పడింది. నా అందాజాలో దాని వెనక బుమ్రా ముందటి ఓవర్ ఉంది. డెత్ బౌలింగ్‌లో ఒకడు బిగిస్తే ఇంకొకడికి వికెట్ దొరుకుతుంది. ఆ ఓవర్‌లో కూడా నాలుగే. 18కి 22.

పద్దెనిమిదో ఓవర్‌కు మళ్లీ బుమ్రా. లోపలికి దూసుకొచ్చిన బంతికి యాన్సెన్ బౌల్డ్. ఓవర్ మొత్తంలో రెండే పరుగులు. బుమ్రా నాలుగు ఓవర్లు పూర్తి: 18 పరుగులు, రెండు వికెట్లు. ఇప్పుడు 12కి 20. మూడు ఓవర్ల ముందు ఓవర్‌కు ఆరు కావాల్సినవాళ్లకు ఇప్పుడు పది కావాలి. ఒక్క పెద్ద ఓవర్ జరగలేదు, ఒక్క వింత జరగలేదు. నాలుగు, నాలుగు, రెండు, అంతే.

"చేతిలో ఆరు వికెట్లు" అన్న మాటను కూడా ఇక్కడే తవ్వి చూడాలి. 30కి 30 ఉన్నప్పుడు ఆ ఆరుగురు ఎవరు? క్లాసెన్, మిల్లర్, ఆ తర్వాత యాన్సెన్, మహరాజ్, రబాడా లాంటి బౌలర్లు. లెక్కకు ఆరు, బాదగలిగినవి రెండు. క్లాసెన్ పోగానే ఒకటి. కుదురుకున్న బ్యాటర్ రెండో బంతికే సిక్స్ కొట్టగలడు, కొత్తగా వచ్చినవాడు పిచ్ చూసుకోవడానికే మూడు నాలుగు బంతులు తింటాడు. యాన్సెన్ నాలుగు బంతులు ఆడి రెండు పరుగులు చేశాడు. 30 బంతుల్లో నాలుగు అంటే చిన్న మాట కాదు. మనవాళ్లు మధ్య ఓవర్లలో సబర్ చేసి దూబేను, హార్దిక్‌ను చివరికి మిగుల్చుకున్నది ఈ పరిస్థితి రాకూడదనే.

పంతొమ్మిదో ఓవర్ అర్ష్‌దీప్. మళ్లీ నాలుగు. 6 బంతుల్లో 16. బుమ్రా లేడు, అర్ష్‌దీప్ లేడు, మిగిలింది హార్దిక్. మొదటి బంతి ఫుల్‌టాస్, అది మంచి బంతి కాదు. మిల్లర్ నేరుగా లేపాడు. లాంగ్‌ఆఫ్ దగ్గర సూర్యకుమార్ పట్టి, తాడు దాటబోతూ బంతిని గాల్లోకి విసిరి, బయటికి పోయి, మళ్లీ లోపలికి వచ్చి పట్టాడు. అదే మోతాదు బలంతో ఇంకొంచెం పైకి లేచి ఉంటే సిక్స్, ఐదు బంతుల్లో పది. అప్పుడు ఈ వ్యాసం నేను వేరేగా రాసేవాణ్ని. ఓవర్‌లో ఎనిమిది వచ్చినయ్, స్కోరు 169 దగ్గర ఆగింది.

కాబట్టి హిసాబ్ గెలిపిస్తుందని నేను అనను. హిసాబ్ చేసిన పని వేరే. అవతలివాణ్ని ఒక కష్టమైన బంతికి తెచ్చి నిలబెట్టింది. ఆఖరి ఓవర్‌కు ఆరు కావాల్సి ఉంటే మిల్లర్ ఆ ఫుల్‌టాస్‌ను నేల మీద తోసి రెండు పరుగులు తీసేవాడు. 16 కావాల్సి వచ్చింది కాబట్టి గాల్లోకి లేపాడు. క్యాచ్ సూర్యకుమార్‌ది, ఆ షాట్ ఆడక తప్పని మజ్బూరీ మాత్రం అంతకుముందు నాలుగు ఓవర్లలో తయారైంది.

ఈసారి ఇంట్లో టీ20 చూసేటప్పుడు ఒక చిన్న పని చేయండి. పదిహేనో ఓవర్ అయ్యాక కావాల్సిన పరుగులు, బంతులు పక్కన పెట్టి, ఒక కాగితం మీద రెండు వరుసలు రాయండి. ఒక వరుసలో బౌలింగ్ జట్టుకు ఎవరెవరి ఓవర్లు మిగిలినయో. ఇంకో వరుసలో బ్యాటింగ్ జట్టులో బాదగలిగినవాళ్లు ఎందరు మిగిలినరో, అందులో కుదురుకున్నవాళ్లెందరో. మొదటి వరుసలో ఇద్దరు మంచి బౌలర్లవి మూడు ఓవర్లు ఉంటే ఓవర్‌కు ఏడు, ఎనిమిది కూడా కష్టమే. ఆ ఓవర్లు ముందే ఖర్చయి ఉంటే ఓవర్‌కు పన్నెండైనా కొట్టేస్తారు. స్కోరుబోర్డు రెండు సందర్భాల్లో ఒకేలా ఉండొచ్చు, మ్యాచ్ మాత్రం ఒకటి కాదు. కెప్టెన్ ఆ మంచి ఓవర్‌ను పదహారులో తీశాడా, ఇరవైకి దాచాడా చూడండి. దాచితే, ఆ ఇరవైకి కాపాడటానికి ఏమైనా మిగులుతుందా లేదా అన్నది అక్కడే తెలిసిపోతుంది.